ఒకే ప్రయోగం, రెండు సాక్ష్యాలు

థీసిస్ సమర్పించే ముందు లైబ్రరీ ఇచ్చే సిమిలారిటీ రిపోర్ట్‌లో చాలా భాగం తన సొంత పేపర్లతోనే కలిసిందని తేలినప్పుడు స్కాలర్‌కి సాధారణంగా రెండు ఆలోచనలు వస్తాయి. నా వాక్యం నేను మళ్లీ రాసుకుంటే తప్పేమిటన్నది ఒకటి. గబగబా మాటలు మార్చేసి శాతం తగ్గించుకుందామన్నది రెండోది. రెండూ సరైన దారులు కావని నా నమ్మకం. ఆ నమ్మకానికి ఎదురయ్యే ప్రశ్నలు కూడా వినిపించాలని దీన్ని సంవాదంగా రాస్తున్నాను.

మాట్లాడేవాళ్లు ఇద్దరు. ఒకరు రసాయనశాస్త్రంలో థీసిస్ ముగింపుకి వచ్చిన పరిశోధకురాలు. అద్దకం నీళ్లలో ఉండే మిథిలిన్ బ్లూ రంగును జింక్ ఆక్సైడ్ నానోకణాల సాయంతో కాంతిలో విచ్ఛిన్నం చేయడం ఆమె పని. దాని మీద జర్నళ్లలో రెండు పేపర్లు వచ్చాయి. మరొకరు ఆమెకు డిగ్రీలో పాఠం చెప్పి, ఆ తర్వాత యూనివర్సిటీకి వెళ్లి, ఎన్నో థీసిస్‌లు పరీక్షించి రిటైరైన మాస్టారు.

పరిశోధకురాలు: మాస్టారూ, నా రిపోర్ట్ 38 శాతం వచ్చింది. పది దాటితే మావాళ్లు తీసుకోరు. అందులో 16 శాతం నా మొదటి పేపర్‌తో, 10 శాతం రెండో పేపర్‌తో కలిసినవి. అంటే నా దగ్గర నేనే దొంగిలించానన్నమాట. ఎవరి సొమ్ము వాళ్లు తీసుకుంటే దొంగతనం ఎలా అవుతుందండీ?

మాస్టారు: కాదమ్మా. సొమ్ము పోగొట్టుకున్నవాళ్లు ఇందులో ఎవరూ లేరు. మోసపోయేవాళ్లు మాత్రం ఉండొచ్చు. ఉన్నారో లేదో శాతం చూస్తే తెలియదు, పేజీ చూడాలి. నాలుగో అధ్యాయంలో ఫలితాల చర్చ ఒకసారి చదువు.

పరిశోధకురాలు: "120 నిమిషాల్లో 94 శాతం రంగు విచ్ఛిన్నమైంది. ఈ విలువ ఇంతకుముందు ప్రచురితమైన ఫలితంతో సరిపోతోంది." ఇక్కడ 23వ రిఫరెన్స్ ఇచ్చాను.

మాస్టారు: ఆ 23 ఎవరి పేపర్?

పరిశోధకురాలు: నాదేనండీ. మొదటిది.

మాస్టారు: ఆ పేపర్‌లో ఉన్న 94, ఇక్కడున్న 94 వేర్వేరు ప్రయోగాల్లో వచ్చాయా?

పరిశోధకురాలు: లేదు. ఒకటే శాంపిల్, ఒకటే రన్. పేపర్‌లో వేసిన గ్రాఫే ఇక్కడ మళ్లీ వేశాను.

మాస్టారు: మరి "సరిపోతోంది" అంటే ఏమిటి? ఒక సంఖ్య తనతో తాను సరిపోక ఏం చేస్తుంది? నీ ఎగ్జామినర్ ఇది చదివి, ఈ ఫలితం రెండుసార్లు రుజువైంది, ఒకసారి పేపర్‌లో, మరోసారి థీసిస్‌లో అనుకుంటాడు. జరిగింది ఒక్కసారే. రేపు ఎవరైనా ఈ రంగంలో వచ్చిన ఫలితాలన్నీ పోగేసి సగటు కడితే నీ ఒక్క ప్రయోగాన్నే రెండుసార్లు లెక్కేస్తారు. సొంత రాతను మళ్లీ వాడడంలో అసలు హాని ఇక్కడుంది. ఒక సాక్ష్యం ఇద్దరు సాక్షుల వేషం వేస్తుంది.

పరిశోధకురాలు: కానీ నేను రిఫరెన్స్ ఇచ్చాను కదండీ! దాచలేదు.

మాస్టారు: నంబర్ ఇచ్చావు, సంబంధం చెప్పలేదు. రిఫరెన్స్ నంబర్ మామూలుగా "ఇది వేరే చోట, వేరే పనిలో తేలింది" అన్న అర్థాన్నిస్తుంది. నీ విషయంలో ఆ అర్థం తప్పు. ఇంకో సంగతి గమనించు. ఈ వాక్యం నీ పేపర్లలో దేనిలోనూ లేదు. థీసిస్ కోసం కొత్తగా రాశావు. కాబట్టి సాఫ్ట్‌వేర్ దానికి రంగు వేయలేదు. నీ 38 శాతంలో ఇది లేనే లేదు. నేను ఎగ్జామినర్‌నైతే అన్నిటికంటే ముందు పట్టుకునేది దీన్నే.

పరిశోధకురాలు: అలాగైతే ఆ శాతానికి అర్థమే లేదా?

మాస్టారు: ఉంది, చిన్న అర్థం. ఏ పదాల వరుస ఎక్కడ కలిసిందో అది చూపిస్తుంది. ఎందుకు కలిసిందో, చదివేవాడికి చెప్పావో లేదో దానికి తెలియదు. నియమాలు చూసినా ఈ తేడా కనిపిస్తుంది. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో మెట్లున్నాయి. 10 శాతం వరకు శిక్ష లేదు. అది దాటి 40 వరకు అయితే ఆరు నెలలకు మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే ఏడాదిపాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆధారం చూపి, అవసరమైన అనుమతితో ఉటంకించిన భాగాన్ని ఈ లెక్కలోంచి మినహాయించమని కూడా అందులోనే ఉంది. తర్వాత 2020 ఏప్రిల్‌లో సొంత రాత గురించే యూజీసీ విడిగా ఒక నోటీసు ఇచ్చింది. ముందే ప్రచురించిన సొంత పనిని తగిన ఉల్లేఖన లేకుండా తిరిగి వాడి, ఇది కొత్తది అని చెప్పుకుని, దాంతో విద్యాపరమైన లాభం పొందడం ఒప్పుకోదగింది కాదని దాని సారం. చూశావా, అందులో శాతం ఊసే లేదు. చెప్పకపోవడం, కొత్తదని చెప్పుకోవడం, లాభం పొందడం. ఈ మూడూ కలిస్తే తప్పు.

పరిశోధకురాలు: మావాళ్లు ఇచ్చే సలహా వేరు. "కూర్చుని మాటలు మార్చేయి, రెండు వారాల్లో పదిలోపుకి వచ్చేస్తుంది" అంటున్నారు. మూడో అధ్యాయంలో మొదలుపెట్టాను కూడా.

మాస్టారు: మార్చడాన్ని నేను పూర్తిగా కాదనను. థీసిస్ అంటే నీ రాతకు కూడా పరీక్షే. రెండేళ్ల కిందట రాసిన వాక్యాన్ని ఇవాళ్టి అవగాహనతో మళ్లీ రాయగలగాలి. పేపర్ ఎత్తి అధ్యాయంలో పోస్తే ఆ పరీక్ష జరగదు.

పరిశోధకురాలు: అది చర్చ భాగానికి నిజం కావచ్చు. ప్రయోగ విధానానికి ఎలా కుదురుతుందండీ? మార్చిన వాక్యం చూడండి. పేపర్‌లో ఇలా ఉంది: "దీపం వేసే ముందు రంగు నీటిని, కెటలిస్ట్‌ను చీకట్లో 30 నిమిషాలు కలియబెట్టి, అడ్సార్ప్షన్, డిసార్ప్షన్ సమతుల్యతకు వచ్చేలా చూశాం." శాతం తగ్గాలని అడ్సార్ప్షన్ ఉన్నచోట అబ్సార్ప్షన్ పెట్టాను. "కాల్సినేషన్ చేశాం" అన్నదాన్ని "వేడిచేశాం" అన్నాను. రిపోర్ట్‌లో ఆ వాక్యం మీద రంగు పోయింది, శాతం తగ్గింది. మర్నాడు చదివితే నాకే భయమేసింది. చీకట్లో రంగు కొంత తగ్గేది ఎందుకు? దాని అణువులు జింక్ ఆక్సైడ్ కణాల పైభాగానికి అతుక్కుంటాయి కాబట్టి. లోపలికి ఇంకిపోయి కాదు. పైగా అదే పేజీలో 664 నానోమీటర్ల దగ్గర కాంతి అబ్సార్ప్షన్ కొలిచానని ఉంది. ఒకే మాట రెండు పనులకి వాడితే చదివేవాడు ఏమనుకోవాలి? ఇక "వేడిచేశాం" అంటే 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టడమూ అవుతుంది, 500 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చడమూ అవుతుంది. నా తర్వాత ఈ పని చేసేవాళ్లకి ఏది అర్థమవుతుంది?

మాస్టారు: నువ్వన్నదే సరి. నా మాట సవరించుకుంటాను. విధానం రాసేటప్పుడు కచ్చితంగా కుదిరిన వాక్యాన్ని చెడగొట్టడం పరిశోధనకే ద్రోహం. ఇంకో చిక్కు కూడా ఉంది. మాట మార్చినా తప్పు పోదు. సొంత ప్రచురణను ఉల్లేఖించకుండా తిప్పి రాయడాన్ని కూడా 2020 నోటీసు అదే కోవలో చేర్చింది. అంటే నువ్వు మాటలు మార్చి మూలం చెప్పకపోతే విధానమూ పాడవుతుంది, తప్పూ మిగిలే ఉంటుంది. మార్చకుండా మూలం చెబితే రెండు చిక్కులూ తీరతాయి.

పరిశోధకురాలు: అదే వాక్యం, అలాగే ఉంచి?

మాస్టారు: అలాగే ఉంచి. మనూళ్లో స్థలం చేతులు మారినప్పుడు కొత్త దస్తావేజులో హద్దులు ఎలా రాస్తారు? తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమర పంచాయతీ రోడ్డు అని పాత దస్తావేజులో ఉన్నది ఉన్నట్టే దించుతారు. కొత్తగా రాద్దామని ఎవరూ మాటలు మార్చరు. మారిస్తే తగాదా. అలాగని పాత దస్తావేజు ఊసెత్తకుండానూ ఉండరు. నంబరు, సంవత్సరం వేసి లింక్ డాక్యుమెంట్‌గా చూపిస్తారు. హద్దులు మారకూడదు, మూలం దాగకూడదు. విధానానికి నీ ధర్మం కూడా అంతే.

పరిశోధకురాలు: అయితే నాకో సందేహం. చెబితే చాలు అన్నారు కాబట్టి రెండు పేపర్లూ మూడు, నాలుగు అధ్యాయాలుగా దించేసి, పైన "ఇవి ప్రచురితాలు" అని ఒక్క ముక్క రాసేస్తే సరిపోతుందా? అప్పుడు నేను రాసిన థీసిస్ అంటూ ఏముంది?

మాస్టారు: సరైన ప్రశ్న అడిగావు. స్వీడన్‌లో చాలామంది సైన్స్ స్కాలర్లు పేపర్లనే కలిపి థీసిస్‌గా ఇస్తారు. పేపర్లు పేపర్లుగానే వెనక ఉంటాయి, ముందు వాటన్నిటినీ కలిపే దీర్ఘమైన వ్యాసం ఉంటుంది. అక్కడ ఎవరూ దాన్ని తప్పనరు, ఎందుకంటే ఏది ఏమిటో అట్ట తీయగానే తెలిసిపోతుంది. మన దగ్గర ఎక్కువ యూనివర్సిటీల్లో థీసిస్ అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే గ్రంథం. ఆ రూపం ఎంచుకున్నాక అందులో పేపర్‌లో లేనిది ఉండాలి. నీ పేపర్ ఎన్ని పేజీలు?

పరిశోధకురాలు: జర్నల్‌లో తొమ్మిది.

మాస్టారు: ఆ తొమ్మిదిలో పట్టనిది ఏమిటి?

పరిశోధకురాలు: చాలా ఉంది. పీహెచ్ 4 దగ్గర జింక్ ఆక్సైడ్ కరిగిపోవడం మొదలై మూడు రన్లు పాడయ్యాయి. పేపర్‌లో ఒక్క మాట కూడా రాయలేదు. అదే కెటలిస్ట్‌ను కడిగి మళ్లీ వాడితే నాలుగోసారికి పనితనం బాగా తగ్గింది. పేపర్‌లో మూడుసార్ల దాకానే చూపించాం.

మాస్టారు: నీ థీసిస్ అక్కడుంది. విధానం పేపర్‌లోంచి యథాతథంగా రానీ. ఫలితాల పట్టికలు, గ్రాఫులు మూలం చెప్పి రానీ. సాహిత్య సమీక్ష మాత్రం కొత్తగా రాయాలి. పేపర్ వచ్చాక రెండేళ్లలో ఈ రంగం కదిలింది, పాత పేరా పెడితే పాత లోకం చూపించినట్టవుతుంది. చర్చ కూడా కొత్తగా రాయాలి. పాడైన రన్లు, నాలుగో వాడకం కలిపి చూస్తే నీ వాదన పేపర్‌లో ఉన్నంత ధీమాగా ఉంటుందా, కొంచెం తగ్గుతుందా?

పరిశోధకురాలు: తగ్గుతుంది. అద్దకం నీళ్లలో ఆమ్లత్వం ఎక్కువున్నచోట ఇది పనికిరాదని చెప్పాల్సి వస్తుంది.

మాస్టారు: ఆ ఒక్క వాక్యం చాలు, అధ్యాయం పేపర్‌కి నకలు కాకుండా పోతుంది.

పరిశోధకురాలు: ఇంకో సంగతి అడగాలి. నా రెండు పేపర్ల 26 శాతాన్నీ మినహాయించి రిపోర్ట్ మళ్లీ తీయించాను. 38లోంచి 26 పోతే 12 రావాలి. 17 వచ్చింది. సాఫ్ట్‌వేర్ పొరపాటనుకున్నాను.

మాస్టారు: పొరపాటు కాదు. రిపోర్ట్ ఒక వాక్యాన్ని ఎక్కువగా కలిసిన ఒక్క మూలం కిందే లెక్కేస్తుంది. ఆ మూలాన్ని తీసేస్తే దాని కింద దాగిన రెండో మూలం బయటపడుతుంది. అందుకే మినహాయింపు మామూలు తీసివేతలా రాదు. ఆ కొత్త 5 శాతం ఎవరిదో చూశావా?

పరిశోధకురాలు: చూశాను. 2 శాతం నా మొదటి పేపర్ ప్రీప్రింట్ కాపీ, వేరే సైట్‌లో ఉంది. అదీ నాదే కాబట్టి చింత లేదు. మిగతా 3 శాతం శోధ్‌గంగలో ఉన్న ఒక పాత థీసిస్. మా ల్యాబ్ సీనియర్‌ది. ఎక్స్‌ఆర్‌డీ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ గురించిన రెండు పేరాలు.

మాస్టారు: అవి నీ పేపర్‌లోకి ఎలా వచ్చాయి?

పరిశోధకురాలు: చేరినప్పుడు ల్యాబ్‌లో ఒక వర్డ్ ఫైల్ ఇచ్చారు. పరికరాల వివరాలు ఇందులోంచి తీసుకోమన్నారు. అందరం అదే వాడతాం. మా సీనియర్‌కి కూడా అలాగే వచ్చి ఉండొచ్చు.

మాస్టారు: ఇప్పుడు నీ మొదటి ప్రశ్నకి మళ్లీ వద్దాం. నా వాక్యం నేను తీసుకుంటే తప్పేమిటన్నావు. ఆ రెండు పేరాలు నీవేనా?

పరిశోధకురాలు: నా పేరున్న పేపర్‌లో ఉన్నాయి. కానీ రాసింది నేను కాదు.

మాస్టారు: సొంత రాత అన్న ముసుగు కింద పరాయి రాత దాక్కునేది ఇలాగే. పేపర్‌లో ఒకసారి మూలం చెప్పకుండా వచ్చింది. పేపర్ మనదే కదా అని మినహాయిస్తే థీసిస్‌లో రెండోసారి దాటిపోతుంది. ఆ 3 శాతం సెల్ఫ్ ప్లేజియరిజం కాదు, అసలు ప్లేజియరిజమే. దానికి డిక్లరేషన్ మందు కాదు. నీ పరికరం మోడల్, నువ్వు పెట్టిన స్కాన్ వేగం, నువ్వు తీసుకున్న కోణాల పరిధి చూసుకుని కొత్తగా రాయి. ఆ సీనియర్ విధానమే పాటించి ఉంటే ఆ థీసిస్‌ను ఉల్లేఖించు. రాస్తుంటే ఇంకోటి కూడా బయటపడొచ్చు. ఆ ఫైల్లో ఉన్న సెట్టింగులు, నువ్వు నిజంగా వాడిన సెట్టింగులు ఒకటేనా?

పరిశోధకురాలు: అది చూసుకోవాలండీ. ఆ మధ్య పరికరం మార్చారు.

మాస్టారు: తప్పకుండా చూసుకో. పేపర్‌లో తప్పు సెట్టింగ్ అచ్చయి ఉంటే జర్నల్‌కి దిద్దుబాటు పంపాలి. థీసిస్‌లో ఒకటి, పేపర్‌లో ఒకటి ఉంటే ఎవరూ రెంటినీ నమ్మరు.

పరిశోధకురాలు: పేపర్లో నాతో పాటు ఇంకా ముగ్గురి పేర్లున్నాయి. మా గైడ్, ఎక్స్‌ఆర్‌డీ విశ్లేషణ చేసిన ఆయన, పక్క ల్యాబ్‌లో ఇంకో స్కాలర్. నేను దించే వాక్యాల్లో వాళ్లు రాసినవీ ఉంటాయి కదా?

మాస్టారు: ఉంటాయి. పేపర్‌లో "మేము" అన్నది థీసిస్‌లో "నేను" అయ్యే చోటే జాగ్రత్త కావాలి. డిగ్రీ ఒకరికే ఇస్తారు. మొదటి రచయితవు కాబట్టి పేపరంతా నీదే అనుకోకు. ఎవరు ఏం చేశారో నీకు గుర్తుందా?

పరిశోధకురాలు: ప్రయోగాలన్నీ నేనే చేశాను. స్ఫటిక పరిమాణం లెక్క ఎక్స్‌ఆర్‌డీ ఆయన కట్టారు. చర్చలో మొదటి డ్రాఫ్ట్ నాది, చివరి రెండు పేరాలు గైడ్ తిరగరాశారు. పక్క ల్యాబ్ స్కాలర్ శాంపిల్ తయారీలో సాయం చేసింది. మాస్టారూ, ఆమె కూడా ఈ పేపర్‌ను తన థీసిస్‌లో వాడుకుంటోందని విన్నాను.

మాస్టారు: అయితే సమర్పించే ముందే నువ్వు, ఆమె, ఇద్దరి గైడ్‌లు కూర్చోవాలి. ఒకే పట్టిక ఇద్దరి థీసిస్‌లలో ఇద్దరి ఫలితంగా కనబడితే రెండు డిగ్రీలూ చిక్కులో పడతాయి. ఏ భాగం ఎవరి అధ్యాయంలోకి వెళ్తుందో తేల్చుకుని, రెండోవాళ్లు దాన్ని ఉల్లేఖిస్తే చాలు. ఈ మాట రాతలో ఉండాలి. మెయిల్ అయినా సరే.

పరిశోధకురాలు: సరే. ఇప్పుడు మూడో అధ్యాయం మొదట్లో ఏం రాయాలో చెప్పండి.

మాస్టారు: నేను చెప్పడం కాదు, నువ్వు చెప్పు. విని సరిచేస్తాను.

పరిశోధకురాలు: "ఈ అధ్యాయంలోని కొన్ని భాగాలు ఇదివరకే ప్రచురితమయ్యాయి."

మాస్టారు: "కొన్ని భాగాలు" అంటే ఏవి? చదివేవాడు వేలు పెట్టి చూపించగలగాలి.

పరిశోధకురాలు: "ఈ అధ్యాయంలో 3.2, 3.3 భాగాల్లోని ప్రయోగ విధానం, 3.4లోని ఫలితాలు, 3.5, 3.7 చిత్రాలు నేను మొదటి రచయితగా ప్రచురించిన పేపర్‌లోనివి. విధానం యథాతథంగా తీసుకున్నాను. ఫలితాలు అవే ప్రయోగాలవి, కొత్తగా చేసినవి కావు. ప్రయోగాలు నేను చేశాను. స్ఫటిక పరిమాణం లెక్కింపు మూడో రచయితది. 3.5లో ఆమ్ల ద్రావణంలో విఫలమైన రన్లు, 3.6లో నాలుగో వాడకం ఫలితాలు, 3.7లోని చర్చ ఈ థీసిస్ కోసం రాసినవి, ఇంతకుముందు ప్రచురితం కాలేదు."

మాస్టారు: దీంట్లో నాకు అన్నిటికంటే నచ్చింది "అవే ప్రయోగాలవి, కొత్తగా చేసినవి కావు" అన్న వాక్యం. ఎగ్జామినర్ ఒక సాక్ష్యాన్ని ఒకటిగానే లెక్కపెడతాడు. ఒక్క సవరణ చేయి. 3.5, 3.7 అని చిత్రాలకీ భాగాలకీ ఒకే నంబర్లు వచ్చాయి, ఏది చిత్రమో ఏది భాగమో స్పష్టంగా రాయి. పేపర్ పూర్తి వివరం, డీఓఐ అక్కడే ఇవ్వు. చిత్రాల కింద వ్యాఖ్యలో కూడా మూలం చెప్పు, ఎందుకంటే చాలామంది ముందు చిత్రాలే చూస్తారు. నాలుగో అధ్యాయంలో "సరిపోతోంది" అన్న వాక్యాన్ని కొట్టేసి "ఈ ఫలితాన్నే 23లో ప్రచురించాం" అని రాయి.

పరిశోధకురాలు: ఆరేడు పేజీలు యథాతథంగా ఉంటే కొటేషన్ గుర్తులు పెట్టాలా?

మాస్టారు: పేజీల కొద్దీ కొటేషన్లు పెడితే చదవలేం. అధ్యాయం మొదట్లో హద్దులు స్పష్టంగా చెప్పిన గమనిక ఉంటే చాలునని చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. అయితే మీ యూనివర్సిటీ నియమం ఏమంటోందో రాతపూర్వకంగా చూసుకో. కొన్నిచోట్ల సొంత పేపర్ల జాబితా జతచేసి, వాటితో కలిసిన భాగాన్ని మినహాయించాలని గైడ్ సంతకంతో సర్టిఫికెట్ అడుగుతారు. మినహాయించక ముందు రిపోర్ట్, మినహాయించాక రిపోర్ట్ రెండూ పెట్టు. ఆ 38ని దాచకు. ఎందుకు 38 వచ్చిందో పక్కనే ఉంటే అదే నీకు రక్షణ. ఇంకోటి, రిపోర్ట్ తీసే ప్రతిసారీ నీ డ్రాఫ్ట్‌ను రిపాజిటరీలో దాచొద్దని లైబ్రరీవాళ్లకి చెప్పు. దాస్తే వచ్చేసారి నీ థీసిస్ నీ పాత డ్రాఫ్ట్‌తోనే తొంభై శాతం కలుస్తుంది.

పరిశోధకురాలు: జర్నల్‌కి కాపీరైట్ రాసిచ్చాను కదండీ. వాళ్ల అనుమతి కావాలా?

మాస్టారు: నిజాయితీ ఒక ప్రశ్న, హక్కు ఇంకో ప్రశ్న. ఒకటి తీరితే రెండోది తీరినట్టు కాదు. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్ లాంటి సంస్థలు మూలం చెబితే రచయిత తన పేపర్‌ను తన థీసిస్‌లో వాడుకోనిస్తాయి. ఐఈఈఈ అయితే తాము చెప్పిన తీరులో కాపీరైట్ వాక్యం రాయమంటుంది, ఆన్‌లైన్‌లో పెట్టే థీసిస్‌లో అచ్చయిన రూపం కాకుండా అంగీకరించిన రూపాన్ని వాడమంటుంది. నీ రెండు జర్నళ్ల పాలసీ పేజీ తీసి, ఆ ప్రతిని అనుబంధంలో పెట్టు. అరగంట పని.

పరిశోధకురాలు: ఇవేవీ చేయకుండా ఇచ్చేసి, తర్వాత ఎవరైనా ఫిర్యాదు చేస్తే?

మాస్టారు: డిపార్ట్‌మెంట్ స్థాయిలో ఒక ప్యానెల్ విచారించి 45 రోజుల్లో సంస్థ స్థాయి ప్యానెల్‌కి నివేదిక ఇస్తుంది. డిగ్రీ వచ్చాక తప్పు రుజువైతే ఆ ప్యానెల్ చెప్పినంతకాలం డిగ్రీని నిలిపివేయొచ్చు. అన్ని దేశాల్లోనూ దీన్ని ఒకేలా చూడరు. అమెరికాలో 2024లో ప్రకటించిన ఫెడరల్ నియమం సెల్ఫ్ ప్లేజియరిజాన్ని పరిశోధనా దుష్ప్రవర్తన నిర్వచనంలోంచి బయటే ఉంచి, సంస్థలకీ జర్నళ్లకీ వదిలేసింది. పోస్ట్‌డాక్‌కి అక్కడికి వెళ్లే మనవాళ్లు అది విని, అయితే దీనికి ఎక్కడా అడ్డు లేదనుకుంటారు. అలా అనుకోవద్దు. ఆ నియమం శిక్ష ఎవరు వేయాలన్నదాని గురించి. చదివేవాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సిన బాధ్యత మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

పరిశోధకురాలు: ఒక చివరి మాట. 2016 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్‌కి ముందే పేపర్ ప్రచురించి తీరాలని ఉండేది. 2022లో యూజీసీ ఆ షరతు ఎత్తేసింది. అయినా మావాళ్లు అడుగుతూనే ఉన్నారు, ఉద్యోగాలకీ కావాలి. ప్రచురించమని చెప్పేదీ మీరే, ప్రచురించింది వాడితే తప్పనేదీ మీరే. స్కాలర్ ఎటు పోవాలి?

మాస్టారు: ఆ కోపం న్యాయమైనదే. ప్రచురించమని అడిగే యూనివర్సిటీ, ఆ ప్రచురణ థీసిస్‌లోకి ఎలా రావాలో కూడా మొదటి సంవత్సరమే రాసివ్వాలి. గమనిక నమూనా ఇవ్వాలి, మినహాయింపు పద్ధతి చెప్పాలి, సహ రచయితల ఒప్పందం ఎప్పుడు రాసుకోవాలో చెప్పాలి. ఇవేవీ చెప్పకుండా చివరి వారంలో ఒక శాతం చేతిలో పెడితే పిల్లలు మాటలు మార్చే పనికే దిగుతారు. అది వాళ్ల తప్పు కంటే వ్యవస్థ తప్పు. కానీ వ్యవస్థ మారేదాకా నీ గమనిక రాయకుండా ఆగాల్సిన పనిలేదు. అది రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పరిశోధకురాలు: అయితే ముందు చేయాల్సిందేమిటో అర్థమైంది. మార్చిన మూడో అధ్యాయాన్ని పక్కన పెట్టేసి, పాత విధానం వాక్యాలే తిరిగి తెస్తాను. ఎక్స్‌ఆర్‌డీ పేరాలు లాగ్‌బుక్ చూసి కొత్తగా రాస్తాను. పక్క ల్యాబ్ స్కాలర్‌కి ఇవాళే ఫోన్ చేస్తాను.

మాస్టారు: ఫోన్ ముందు చెయ్యి. మిగతావన్నీ నీ ఒక్కదాని చేతిలో ఉన్నాయి. అది మాత్రం ఇద్దరి డిగ్రీల సంగతి.